కార్తీక ఉపవాసాలకు ముందు: ఇంట్లో గ్లూకగాన్ ఉందా, వేశాక ఏం చూడాలో తెలుసా?

పోయిన కార్తీకంలో రెండో సోమవారం, సాయంత్రం 5:20. మా అమ్మాయి పూజగది గుమ్మం దగ్గర కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. దాని వయసు 15, బరువు 43 కిలోలు, ఆరేళ్లుగా టైప్ 1 షుగర్. నాయనమ్మ దగ్గర టిఫిన్ తిన్నానని మాకు చెప్పింది. అమ్మ దగ్గర తిన్నానని నాయనమ్మకు చెప్పింది. అందరూ చుక్క చూసేదాకా ఉంటే తానొక్కతే తినడం దానికి నామోషీగా అనిపించిందట.

తినలేదు కాబట్టి భోజనానికి ముందు వేసుకునే సూది వేసుకోలేదు, అది తెలివిగానే చేసింది. కానీ ముందురోజు రాత్రి వేసుకున్న 18 యూనిట్ల ఇన్సులిన్ 24 గంటలు పనిచేసే రకం. తిన్నా తినకపోయినా అది తన పని చేసుకుపోతూనే ఉంటుంది. దానికి తోడు మధ్యాహ్నం శివాలయంలో ప్రదక్షిణలు. మీటర్ 36 చూపించింది.

ఆ సాయంత్రం మమ్మల్ని ఆదుకున్నది ఫ్రిజ్ తలుపులో ఉన్న చిన్న ఆరెంజ్ రంగు గ్లూకగాన్ పెట్టె. మళ్లీ కార్తీకం వస్తోంది, తర్వాత శివరాత్రి, ఆ పైన రంజాన్ ఉపవాసాలు. అందుకే ఇది రాస్తున్నాను.

గ్లూకగాన్ అంటే ఇన్సులిన్‌కు ఎదురు పనిచేసే హార్మోన్. కాలేయంలో దాచి ఉన్న చక్కెరను రక్తంలోకి వదిలిస్తుంది. మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే దీని అవసరం లేదు, చక్కెర నీళ్లో గ్లూకోజ్ పొడో చాలు. మింగలేని స్థితిలో ఉన్నప్పుడు, లేదా ఫిట్స్ వచ్చినప్పుడు మాత్రమే ఇది.

ఎవరింట్లో ఉండాలి? టైప్ 1 ఉన్న ప్రతి ఇంట్లో ఉండాలి, అందులో బేరం లేదు. టైప్ 2 అయినా ఇన్సులిన్ వేసుకునేవాళ్లు డాక్టరుని అడగాలి. ముఖ్యంగా ఒకసారైనా షుగర్ పడిపోయి స్పృహ తప్పినవాళ్లు, చెమటలు, వణుకు లాంటి ముందస్తు గుర్తులు ఇప్పుడు తెలియకుండా పోయినవాళ్లు, ఆసుపత్రికి గంట దూరంలో ఉన్న పల్లెల వాళ్లు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి ఈ గుర్తులు మొద్దుబారతాయి. "మావారికి 50 ఉన్నా ఏమీ అనిపించదండీ, చాలా గట్టి మనిషి" అని ఒకావిడ గొప్పగా చెప్పింది. అది గట్టితనం కాదు, అలాంటి వాళ్లకే ఈ పెట్టె అందరికన్నా ముందు కావాలి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు సాధారణంగా అక్కర్లేదు. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వేసుకునే పెద్దవాళ్ల సంగతి వేరు. ఆ మాత్రలతో పడిన షుగర్ ఒకసారి లేచినా మళ్లీ మళ్లీ పడుతుంది, కిడ్నీలు బలహీనంగా ఉంటే రోజు దాటినా వదలదు. వాళ్లను ఇంట్లో లేపి కూర్చోబెట్టి సరిపోయిందనుకోకూడదు, ఆసుపత్రిలోనే ఉంచాలి. అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ, లేదా క్లోమంలో ఇన్సులిన్ విడుదల చేసే గడ్డ ఉన్నవాళ్లకు గ్లూకగాన్ వేయకూడదు.

మెడికల్ షాపుకు వెళ్లి అడిగితే వెంటనే చేతికిచ్చే మందు కాదిది. చాలా చోట్ల చీటీ చూపించి తెప్పించుకోవాలి. పండగ రేపనగా వెళితే దొరకదు. అమెరికాలో ఉన్నవాళ్లకు ముక్కులో కొట్టే పొడి రకం కూడా తెలిసే ఉంటుంది. అది ఏడాది నిండిన పిల్లలకూ పెద్దలకూ ఒకటే మోతాదు, 3 మిల్లీగ్రాములు. పీల్చాల్సిన పని కూడా లేదు. ఒక్కటే జాగ్రత్త, పనిచేస్తుందో లేదోనని ముందే నొక్కి చూడకూడదు. అందులో ఉన్నది ఒక్క మోతాదే.

మా దగ్గరున్నది సూది రకం. పెట్టెలో 1 మిల్లీగ్రాము పొడి ఉన్న చిన్న సీసా, 1 మిల్లీలీటరు నీళ్లతో నింపిన సిరంజి ఉంటాయి. మాది ఫ్రిజ్‌లో పెట్టాం, ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు. బయట పెట్టొచ్చని పెట్టె మీద ఉన్నా 25 డిగ్రీలు దాటకూడదని కూడా పక్కనే ఉంటుంది. మన వేసవిలో అది కుదిరే పని కాదు. గడువు తేదీని పెట్టె మీద లావు అక్షరాలతో రాసి అంటించండి.

ఇప్పుడు ఆ సాయంత్రం దగ్గరకొస్తాను. పడిపోగానే మా అత్తగారు చెంచాతో పంచదార నీళ్లు పట్టబోయారు, మా ఆడపడుచు తాళాలగుత్తి చేతిలో పెట్టింది. స్పృహ లేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తాళాలతో ఏమీ కాదు. మావారు 108కి ఫోన్ చేశారు, నేను పెట్టె తెచ్చాను. సిరంజిలోని నీళ్లన్నీ పొడి సీసాలోకి ఎక్కించి, సూది తీయకుండానే సీసాను మెల్లగా తిప్పాను. పొడి కరిగి నీళ్లలా తేటగా కావాలి, ముద్దలుంటే పనికిరాదు. సీసా తలకిందులుగా పట్టి మొత్తం వెనక్కి లాగి, తొడ బయటివైపు మధ్యలో నిటారుగా గుచ్చాను. 25 కిలోల లోపు పిల్లలకు అందులో సగమే. కంగారులో సగానికి బదులు మొత్తం వేసినా ప్రాణానికి ముప్పుండదు, వాంతులు ఎక్కువవుతాయంతే. అప్పటికి 5:24.

వెంటనే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గ్లూకగాన్ వేశాక వాంతి రావడం మామూలే, వెల్లకిలా ఉంటే అది గొంతుకు అడ్డం పడుతుంది. మా అమ్మాయికి రెండుసార్లు అయింది.

మీటర్ దొరక్కపోతే? ఇన్సులిన్ వేసుకునే మనిషి స్పృహ లేకుండా పడి ఉంటే మీటర్ వెతుకుతూ సూది ఆపొద్దు. ఒకవేళ షుగర్ తక్కువ కాకపోయినా ఈ ఒక్క మోతాదుతో పెద్ద నష్టం ఉండదు.

ఉపవాసం రోజు ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ ముందుగా మాకు చెప్పలేదు. గ్లూకగాన్ తనంతట తాను చక్కెర కాదు, కాలేయంలోని నిల్వకు తాళం తీస్తుందంతే. రోజంతా తినకపోతే ఆ నిల్వ చాలావరకు ఖర్చైపోయి ఉంటుంది. మద్యం తాగినవాళ్లలోనూ కాలేయం చక్కెర సరిగా వదల్లేదు. మామూలు రోజు పది పదిహేను నిమిషాల్లో లేవాల్సిన మనిషి ఉపవాసం రోజు ఆలస్యంగా లేవచ్చు, లేవకపోనూవచ్చు. అందుకే సూది వేసి చూసి తర్వాత 108కి చేద్దాం అనుకోకూడదు, ఒకరు సూది వేస్తుంటే ఇంకొకరు ఫోన్ చేయాలి. లేవనివాళ్లకు చేయగలిగింది నరంలోకి గ్లూకోజ్ ఎక్కించడమే, అది ఇంట్లో అయ్యేది కాదు. రెండో పెట్టె ఉంటే, 15 నిమిషాలకూ కదలిక లేకపోతే 108 వాళ్లను లేదా డాక్టరుని అడిగి అదీ వేయొచ్చు.

5:40కి మళ్లీ గుచ్చి చూస్తే మీటర్ 164 చూపించింది. మావారు "హమ్మయ్య" అన్నారు. కానీ పిల్ల ఇంకా కళ్లు తెరవలేదు. సంఖ్యకూ మనిషికీ పొంతన లేనప్పుడు సంఖ్యను అనుమానించాలి. చూస్తే మా అత్తగారు చలిమిడి కలిపిన చేతులతో దాని అరచేతులు రుద్దుతున్నారు. వేలి మీద బెల్లం కాస్త అంటినా మీటర్ దాన్నే రక్తంలో షుగర్‌గా లెక్కేస్తుంది. తడిగుడ్డతో బాగా తుడిచి, ఆరబెట్టి, వేరే వేలికి గుచ్చితే 49. స్పిరిట్ దూదితో పైపైన అద్దితే బెల్లం పోదు, నీళ్లే కావాలి.

చేతికి సెన్సర్ అంటించుకున్నవాళ్లకు కూడా ఈ సమయంలో వేలి పరీక్షే ప్రమాణం. సెన్సర్ చూపేది చర్మం కింది ద్రవంలో షుగర్. రక్తంలో పెరుగుతున్నప్పుడు అది పది నిమిషాలు అటూ ఇటూ వెనకబడుతుంది. సెన్సర్ ఇంకా పడిపోతోందని చూపిస్తే హడావిడి పడతాం.

5:55కి 68. పేరు పెట్టి పిలిస్తే పలికింది. కూర్చుని తనే మింగగలుగుతోందని ఖాయం చేసుకున్నాకే అరగ్లాసు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి గుక్క గుక్కగా తాగించాం. 108 వచ్చింది, ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించి రెండు గంటలు ఉంచి పంపారు.

అసలు జాగ్రత్త ఆ తర్వాతే కావాలి. గ్లూకగాన్ ప్రభావం గంట, గంటన్నర. ఇన్సులిన్ ప్రభావం ఇంకా మిగిలే ఉంది. పైగా ఖాళీ అయిన కాలేయం తన నిల్వను నింపుకోవడానికి రక్తంలోని చక్కెరనే లాక్కుంటుంది. అందుకే మా డాక్టరు రాసిచ్చిన లెక్క ఇది: 70 దాటి నిలబడేదాకా 15 నిమిషాలకోసారి, తర్వాత నాలుగు గంటలపాటు గంటకోసారి, ఆ రాత్రంతా అలారం పెట్టుకుని రెండు మూడు గంటలకోసారి షుగర్ చూడాలి. చక్కెర నీళ్లతో ఆపకుండా ఇడ్లీనో, పెరుగన్నమో, పాలు బిస్కెట్లో పెట్టాలి. వాంతి వల్ల తినలేకపోతే మళ్లీ ఫోన్ చేయాలి.

రాత్రి 8:30కి ఇంటికొచ్చేసరికి 216. ఇక్కడే చాలా ఇళ్లలో తప్పు జరుగుతుంది. ఎక్కువైందని దించడానికి ఇన్సులిన్ వేస్తారు. మావారూ పెన్ను తీశారు, నేను వద్దన్నాను. అది తాత్కాలికంగా ఎగసిన షుగర్, దాన్ని దించడానికి ఆ పూట అదనపు సూది వేయకూడదు. అలాగని టైప్ 1 వాళ్లకు రాత్రి వేసే దీర్ఘకాలపు ఇన్సులిన్ భయపడి మానేయనూ కూడదు, మానేస్తే ఒంట్లో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని ఇంకో ప్రమాదం. ఫోన్‌లో అడిగితే డాక్టరు 18కి బదులు 14 వేయమన్నారు. మీ డాక్టరు చెప్పే సంఖ్య వేరుగా ఉంటుంది, అడిగే వేయండి.

11:30కి 124. రెండింటికి అలారం మోగితే లేవాలనిపించలేదు, పిల్ల హాయిగా నిద్రపోతోంది. గుచ్చితే 71. లేపి గ్లాసు పాలు, నాలుగు బిస్కెట్లు ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూస్తే 96. ఐదింటికి 112. ఆ తర్వాత రెండు రోజులు కూడా బడిలో, ఆటల పీరియడ్‌కు ముందు చూసుకోమన్నాం. ఒకసారి గట్టిగా పడిపోయాక శరీరం మరుసటి రోజు చెమట, వణుకు లాంటి హెచ్చరికలు సరిగా ఇవ్వదు.

అన్ని సంఖ్యలూ టైముతో సహా క్యాలెండర్ వెనక రాశాను. తర్వాతి వారం డాక్టరు దాన్ని చూసే ఇన్సులిన్ మోతాదు మార్చారు. కొత్త పెట్టె రావడానికి వారం పైనే పట్టింది, అంటే మూడో సోమవారం నాటికి మా ఇంట్లో పెట్టె లేదు. ఆ రోజు మా అత్తగారు పొద్దున్నే దాన్ని కూర్చోబెట్టి తన కళ్లముందే రెండు ఇడ్లీలు తినిపించి, అప్పుడు దీపం పెట్టించారు.