ప్రొక్యూర్‌మెంట్ రెజ్యూమేలో ‘12 శాతం ఆదా’ అని ఉంటే దాన్ని ఎలా చదవాలి?

కొనుగోళ్ల విభాగంలో పనిచేసిన ప్రతివారి రెజ్యూమేలోనూ మూడు మాటలు తప్పకుండా కనిపిస్తాయి: వెండర్లతో బేరం, సాధించిన ఆదా, వాడిన సాఫ్ట్‌వేర్. నియామకాల్లో పొరపాట్లు ఎక్కువగా జరిగేది రెండోదాని దగ్గరే. పెద్ద శాతం చూసి ఎంచుకోవడం ఎంత సులభమో, చిన్న శాతం చూసి మంచి మనిషిని వదులుకోవడమూ అంతే సులభం.

1. ముందు ఉద్యోగ ప్రకటన చదవండి

సప్లై చైన్ ప్రకటనలో హోదా పేరును పక్కన పెట్టి, క్రియలను గుర్తించండి. ‘ఆర్డర్లు విడుదల చేయాలి, డెలివరీలు వెంటబడి తెప్పించాలి, బిల్లుల తేడాలు సరిచేయాలి’ అని ఉంటే అది రోజువారీ కొనుగోలు పని. ‘కొటేషన్లు పిలవాలి, వార్షిక ఒప్పందాలు కుదర్చాలి, కొత్త సరఫరాదారులను తేవాలి’ అని ఉంటే అది సోర్సింగ్ పని. మొదటి పనికి పెద్ద ఆదా అంకెలు అవసరమే లేదు. అక్కడ సమయానికి సరుకు తెప్పించగల మనిషి కావాలి. ఈ రెంటినీ కలిపేసి చదివితే మంచి అభ్యర్థులు మొదటి వడపోతలోనే జారిపోతారు.

ఇక్కడ ఒక ఉదాహరణ తీసుకుందాం. ప్రకటన సోర్సింగ్ పనికి: ప్యాకేజింగ్ సామగ్రి కొనుగోలు, వార్షిక ధరల ఒప్పందాలు, ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ వాడకం. రెజ్యూమేలో ఇలా ఉంది: ‘40 మంది వెండర్లతో చర్చలు జరిపి కార్టన్ల కొనుగోలులో 12 శాతం ఆదా సాధించాను.’

2. ఆ శాతం దేనితో పోల్చినదో తేల్చండి

ఇదే అసలు మెట్టు. ఆదా అంటే రెండు ధరల మధ్య తేడా. రెజ్యూమేలో శాతం ఉంటుంది గానీ, దేనితో పోల్చారో ఆ మొదటి ధర సాధారణంగా ఉండదు. అది గత ఏడాది చెల్లించిన ధర కావచ్చు, బడ్జెట్‌లో రాసుకున్న ధర కావచ్చు, సరఫరాదారు మొదట చెప్పిన ధర కావచ్చు. మూడింటి అర్థం వేరు.

మన కార్టన్‌నే చూడండి. గత ఏడాది ఒక్కో కార్టన్ 50 రూపాయలకు కొన్నారు. ఈ ఏడాది సరఫరాదారు 60 అడిగాడు, చర్చల తరువాత 52.80కి ఒప్పుకున్నాడు. 60 నుంచి 52.80కి తగ్గడం సరిగ్గా 12 శాతం. కానీ గత ఏడాదితో పోలిస్తే ఖర్చు 5.6 శాతం పెరిగింది. అకౌంట్స్ విభాగం పుస్తకాల్లో ఆదా అన్నది ఎక్కడా కనిపించదు.

అయితే అభ్యర్థి అబద్ధం రాశాడని అనుకోవచ్చా? తొందరపడవద్దు. కార్టన్ ధరలో 60 శాతం కాగితానిదే అనుకోండి, ఆ ఏడాది కాగితం 15 శాతం పెరిగింది. అంటే న్యాయంగా ధర 4.50 పెరగాలి, 54.50 కావాలి. అతను 52.80 దగ్గర ఆపాడు. మార్కెట్ చెప్పే ధర కంటే 1.70 తక్కువ. ఇది నిజమైన పనితనం. వృత్తిలో దీన్ని కాస్ట్ అవాయిడెన్స్ అంటారు, అంటే పెరగబోయిన ఖర్చును ఆపడం. పని మంచిదే, రెజ్యూమేలో పేరే తప్పుగా పెట్టాడు.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ కూడా ఉంది. ఇంకొకరు అదే కార్టన్‌ను 50 నుంచి 46కి దించి ‘8 శాతం ఆదా’ అని రాశారు. గత ఏడాది ధరతో పోల్చారు కాబట్టి లెక్క నిక్కమైనదే. కానీ ఆ ఏడాది కాగితం 20 శాతం పడిపోయి ఉంటే ధర తనంతట తానే 44కి రావాలి. అంటే ఈ అభ్యర్థి రావలసిన 2 వదిలేశాడు. పోల్చిన ధర ఒక్కటే చూస్తే మాత్రం ఈ రెండో రెజ్యూమేనే నమ్మదగినదిగా కనిపిస్తుంది.

అందుకే ఆదా పక్కన ఏడాదిని కూడా చూడండి. 2021లో సముద్ర రవాణా కంటైనర్ ధరలు విపరీతంగా పెరిగాయి, 2022 రెండో భాగం నుంచి బాగా పడిపోయాయి. 2023లో రవాణా ఖర్చు సగానికి తగ్గించానని ఎవరైనా రాస్తే, ఆ తగ్గుదలలో మార్కెట్ ఎంత, మనిషి ఎంత అని అడగాల్సిందే.

మరొకటి: ధర తగ్గడానికి ఏం ఇచ్చారు? ఆర్డర్ పరిమాణం అయిదు రెట్లు చేసి ధర తగ్గించుకుంటే, ఆ సరుకు గోదాములో నిలిచి డబ్బును కట్టి పడేస్తుంది. ఆదాతో పాటు నిల్వ రోజులు, తిరస్కరించిన సరుకు శాతం గురించి ఒక్క మాటైనా రాసిన అభ్యర్థి పని మొత్తాన్ని చూసినవాడు.

3. బేరంలో అతని చేయి ఎంతో వెతకండి

40 మంది వెండర్లు అన్న సంఖ్య దాదాపు ఏమీ చెప్పదు. మెయిల్‌లో కొటేషన్లు తెప్పించుకోవడమూ చర్చే. విలువైన గుర్తులు వేరు: అభ్యర్థి వస్తువు ఖర్చును భాగాలుగా విడదీశాడా, కాగితం ధర సూచీకి ఒప్పందాన్ని కట్టాడా, చెల్లింపు గడువు మార్చాడా, వేరువేరు శాఖల కొనుగోళ్లను ఒక్కచోటికి చేర్చాడా?

కాలాన్ని కూడా సరిచూడండి. కొత్త ప్యాకేజింగ్ సరఫరాదారును తేవాలంటే నమూనాలు, ప్యాకింగ్ లైన్ మీద పరీక్ష, నాణ్యతా విభాగం ఆమోదం కావాలి. అన్నీ కలిపి చాలా చోట్ల నెలలు పడతాయి. ఎనిమిది నెలలే పనిచేసిన చోట ‘కొత్త వెండర్‌తో ఏడాది ఆదా’ అని ఉంటే, అది బహుశా ముందున్నవారు మొదలుపెట్టిన పని, లేదా ఇంకా చేతికి రాని అంచనా. అడిగితే నిజాయితీపరులు వెంటనే చెప్పేస్తారు.

4. సాఫ్ట్‌వేర్ పేరు కాదు, దానిలో చేసిన పని చూడండి

‘ఎస్‌ఏపీ తెలుసు’ అంటే సరిపోదు. అందులో ఒక్కో పనికి ఒక్కో కోడ్ ఉంటుంది: ME51N కొనుగోలు అభ్యర్థనకు, ME21N ఆర్డర్‌కు, MIGO సరుకు అందుకోవడానికి, MIRO బిల్లు నమోదుకు. సోర్సింగ్ మనిషి మొదటి రెంటితో పాటు కొటేషన్ల పోలిక, ధరల రికార్డుల గురించి మాట్లాడాలి. నాలుగూ ఒక్కడే చేశానంటే సంస్థ చాలా చిన్నదై ఉండాలి. లేకపోతే ఆర్డర్ వేసేవాడే బిల్లునూ పాస్ చేయకూడదన్న నియంత్రణ అక్కడ లేదని అర్థం. రెండింటిలోనూ అభ్యర్థి తప్పేమీ లేదు గానీ, తెలుసుకోవాలి.

ప్రకటన అరీబా అనే కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్ అడిగి, అభ్యర్థి అలాంటిదే అయిన కూపా వాడి ఉంటే తిరస్కరించకండి. కొటేషన్ల ఈవెంట్ తానే తయారు చేసి నడిపినవారికి తెర మారడం పెద్ద అడ్డంకి కాదు. ఆమోదం బటన్ మాత్రమే నొక్కినవారికి, ప్రకటన కోరిన సాఫ్ట్‌వేరే వాడి ఉన్నా, ఆ పని కొత్తే.

5. రెజ్యూమే మార్జిన్‌లో మూడు ప్రశ్నలు రాసుకోండి

ఆ కార్టన్ వాక్యం పక్కన నేనైతే ఇలా రాస్తాను: పోల్చిన ధర ఏది? అప్పుడు కాగితం ధర ఎటు వెళ్లింది? ఈ ఆదాను ఫైనాన్స్ విభాగం ఒప్పుకుందా? ఒకసారి ఇంటర్వ్యూలో ఇవే అడిగితే, ఇలాంటి వాక్యమే రాసిన ఒక అమ్మాయి కాసేపు ఆలోచించి, ‘12 శాతం కాదండీ, గత ఏడాదితో పోలిస్తే మేము ఎక్కువే చెల్లించాం. కానీ మార్కెట్ ఇంకా ఎక్కువ పెరిగింది’ అంటూ కాగితం మీద లెక్క వేసి చూపించింది. మిగతా ఇంటర్వ్యూ అంతా ఆ కాగితం చుట్టూనే నడిచింది, ఉద్యోగం ఆమెకే ఇచ్చాం.