వారానికి 20 గంటలే

శ్రీసిటీ, రేణిగుంట వైపు కంపెనీల్లో అకౌంట్స్ ఉద్యోగం వెతుకుతున్నాను. మొదట్లో వరుస తిరస్కరణలతో మెయిలు తెరవాలంటేనే గుండె దడదడలాడేది. నన్ను నిలబెట్టింది గంటల లెక్క.

సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మాత్రమే వెతుకులాట. సగం సమయం ప్రకటనకు తగ్గట్టు రెజ్యూమె మార్చి పంపడానికి: జీఎస్టీ రిటర్నులు అడిగితే ఆ అనుభవం మొదటి వరుసలోకి రావాలి. మిగతా సగం తెలిసినవాళ్లతో మాట్లాడటానికి, ఇంటర్వ్యూ సాధనకు. మెయిలు చూడటం పన్నెండున్నరకు ఒక్కసారే. ఫోను వస్తే మాత్రం ఎప్పుడైనా తీస్తాను, కంపెనీలు మన వేళలు చూసుకుని పిలవవు కదా.

శుక్రవారం చివరి అరగంటలో ఏ దరఖాస్తు ఎక్కడ ఆగిందో నోటుబుక్కులో రాస్తాను. పిలుపే రాకపోతే సరిచేయాల్సింది రెజ్యూమెను. ఒక వారం చూస్తే నాకు పిలుపులు వస్తున్నాయి, కానీ దరఖాస్తులు ఇంటర్వ్యూలోనే ఆగిపోతున్నాయి. బ్యాంకు స్టేట్‌మెంటును కంపెనీ లెక్కలతో సరిచూసే బ్యాంకు రీకన్సిలియేషన్ గురించి అడిగితే తడబడుతున్నాను. అందుకే మరుసటి వారం దరఖాస్తుల నుంచి నాలుగు గంటలు తీసి దాని సాధనకు ఇచ్చాను. మొత్తం గంటలు పెంచలేదు.

నిద్ర చెడినా, ఒకే ప్రకటనను మళ్లీ మళ్లీ చదువుతున్నా, ఆ వారం 12 గంటలతో సరిపెడతాను. ముందు తగ్గేది దరఖాస్తులే, సాధన కాదు.