పండగ పనుల జాబితా, 3వ పాఠం: బదులు మనిషిని ఎక్కడి నుంచి తేవాలి

పోయిన పాఠంలో పర్లాకిమిడిలో మన వినాయక చవితి అన్నదానానికి మనుషులను పంచుకున్నాం. 300 మంది భోజనం, బంతికి 60 మంది చొప్పున 5 బంతులు. ఉదయం 6 నుంచి 10 వరకు ఏర్పాట్లకు ఆరుగురు. 12కి మొదటి బంతి. బంతికి అరగంట చొప్పున మొదటి మూడు బంతులు ఒక వడ్డన జట్టు, మిగతా రెండు ఇంకో జట్టు చూస్తాయి, జట్టుకు ఎనిమిదిమంది. రెండున్నర తర్వాత శుభ్రానికి ఆరుగురు.

చాలామంది జాబితా అడుగున "బదులు" అని రాసి, నాలుగు పేర్లు పెట్టి వదిలేస్తారు. అది పనిచేయదు. ఆ నలుగురినీ పొద్దున్నే ఎవరో ఒకరు పిలిచేస్తారు, మధ్యాహ్నానికి ఎవరూ మిగలరు. అందుకే ప్రతి పనికీ దాని బదులు మనుషులను దాని పక్కనే రాయాలి.

కొత్త మనుషులను వెతకక్కర్లేదు. ఏర్పాట్ల వాళ్లు పదికల్లా ఖాళీ అవుతారు కదా, వాళ్లలో ఇద్దరిని మొదటి వడ్డనకు, వేరే ఇద్దరిని రెండో వడ్డనకు బదులుగా రాయండి. రెండో వడ్డన బదులు వాళ్లు మొదటి బంతిలోనే తినేయాలి. మొదటి వడ్డన జట్టు ఒంటిగంటన్నరకు గరిటెలు అప్పగించి నాలుగో బంతిలో కూర్చుంటుంది. వాళ్లలో ఇద్దరు శుభ్రానికి బదులు. పొద్దుటి ఏర్పాట్లకు మాత్రం రెండో వడ్డన జట్టు నుంచి ఒకరు చాలు, ఆయన అసలు పని ఒంటిగంటన్నరకు గానీ మొదలుకాదు.

శుభ్రం దగ్గర ఇద్దరికి తగ్గకండి. తిన్నాక ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు, ఎంగిలి విస్తళ్లు ఎత్తేటప్పుడే మనుషులు తగ్గిపోతారు.

ఇక ఎవరికి ఎవరు బదులు అన్నది. పాతపట్నం నుంచి అన్నదమ్ములిద్దరు ఒకే బండి మీద వస్తారనుకోండి. బండి ఆగిపోతే ఇద్దరూ రారు. కాబట్టి ఒకే ఇంటివాళ్లను, కలిసి ప్రయాణం చేసేవాళ్లను ఒకరికొకరు బదులుగా రాయకూడదు.

ఎప్పుడు పిలవాలో కూడా ముందే తేల్చండి. ప్రతి జట్టుకూ ఒక పెద్ద ఉంటారు. పని మొదలవడానికి 15 నిమిషాల ముందు, అంటే మొదటి వడ్డనకు 11:45కి, ఆయన పేర్లు పిలుస్తారు. పలకని మనిషి స్థానంలో వెంటనే బదులు మనిషి పప్పు బాల్చీ అందుకోవాలి. అసలు మనిషి తర్వాత వస్తే, ఆయనే ఆ రోజుకి బదులు. మొహమాటానికి పోయి ఇద్దరికీ ఒకే బాల్చీ ఇస్తే వరుసలో అడ్డం పడతారు. పిలిచిన బదులు పేరును గోడ మీద కాగితంలో కొట్టేయండి, ఇంకో జట్టువాళ్లు ఆయన్ని లెక్కలో పెట్టుకోకుండా.

ఆ కాగితం తెలుగులోనూ ఒడియాలోనూ రాయండి. ఒడియా బడుల్లో చదివిన మన పిల్లల్లో తెలుగు మాట్లాడినా చదవలేనివాళ్లు ఉన్నారు.

అభ్యాసం: మీ జాబితాలో రెండుచోట్ల బదులుగా ఉన్న పేర్లకు గీత గీయండి. అలాంటి పేరు ఒక్కటున్నా మార్చండి. వచ్చే పాఠంలో వంటసామాను గది తాళం ఎవరి దగ్గర ఉండాలో చూద్దాం.