సెట్‌టాప్ బాక్స్ లైటు వెలుగుతుంది, బొమ్మ రాదు: ఫొటోతో సరైన అడాప్టర్, రిమోట్ పట్టుకోవడం

సమస్య: ఇల్లు మారేటప్పుడు బాక్సు అడాప్టర్ ఎక్కడో పోయింది. పాత రౌటర్ అడాప్టర్ పెడితే పిన్ను చక్కగా పట్టింది, ఎర్ర లైటు వెలిగింది. కానీ టీవీలో లోగో దాకా వచ్చి బాక్సు ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి ఆన్ అవుతుంది.

కారణం: పిన్ను పట్టినంత మాత్రాన పవర్ సరిపోయినట్టు కాదు. రౌటర్లకీ బాక్సులకీ తరచుగా ఒకే సైజు గుండ్రటి పిన్ను ఉంటుంది. ఆ రౌటర్ అడాప్టర్ 9V 0.6A, బాక్సుకి కావాల్సింది 12V 1.5A అనుకోండి. లైటు వెలగడానికి కొంచెం కరెంటు చాలు. లోపలి చిప్, ట్యూనర్ పని మొదలుపెట్టగానే చాలదు, బాక్సు రీస్టార్ట్ అవుతుంది.

పరిష్కారం: షాపువాళ్లకి బాక్సు ముందు వైపు ఫొటో పంపితే లాభం లేదు. అదే కంపెనీ లోగోతో రకరకాల మోడళ్లు ఉంటాయి. బాక్సు తిరగేసి, అడుగున ఉన్న స్టిక్కర్ ఫొటో తీయండి. ఫ్లాష్ వేస్తే స్టిక్కర్ మెరిసి అంకెలు కనిపించవు, కిటికీ దగ్గర పగటి వెలుతురులో తీయండి. వెనక సాకెట్ దగ్గర మరో ఫొటో తీయండి. స్టిక్కర్ అరిగిపోయినా అక్కడ వోల్టేజీ ముద్రించి ఉండొచ్చు. కార్డు నంబరు, సీరియల్ నంబరు కనపడకుండా చెరిపేసి పంపండి.

ఇక అడాప్టర్ మీద INPUT కాదు, OUTPUT చదవాలి. వోల్టులు సరిగ్గా బాక్సు మీద రాసినంతే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉన్నా ఎక్కువున్నా ఫరవాలేదు: 12V 2A పెట్టినా బాక్సు తనకు కావాల్సినంతే తీసుకుంటుంది. ప్లస్, మైనస్ ఉన్న గుండ్రటి గుర్తు రెండింటి మీదా ఒకేలా ఉందో లేదో తప్పక చూడండి. అది తేడా అయితే బాక్సు పాడవ్వొచ్చు. అన్నీ కుదిరాక కూడా వైరు కదిపితే ఆరిపోతుంటే, పిన్ను లోపలి రంధ్రం పెద్దదై ఉండొచ్చు. 2.1, 2.5 మిల్లీమీటర్ల పిన్నులు బయటికి ఒకేలా కనిపిస్తాయి.

స్మార్ట్ స్పీకర్లలోనూ ఇదే గొడవ. గూగుల్ హోమ్ మినీ, నెస్ట్ మినీ పైనుంచి చూస్తే దాదాపు ఒకటే. వెనక గోడకి తగిలించే రంధ్రం ఉంటే అది నెస్ట్ మినీ, దానికి గుండ్రటి పిన్ను 14V అడాప్టర్ కావాలి. హోమ్ మినీకి మైక్రో యూఎస్‌బీ 5V చాలు.

రిమోట్ కూడా లోగో చూసి కాదు, మోడల్ నంబరు చూసి కొనండి. కొత్తది పని చేయకపోతే బటన్ నొక్కుతూ దాని ముందు భాగాన్ని ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడండి. ఊదా రంగు వెలుగు మిణుకుమంటే రిమోట్ సిగ్నల్ పంపుతోంది, బహుశా మోడలే కలవడం లేదు. వెలుగు లేకపోతే ముందు సెల్స్ మార్చండి. వాయిస్ బటన్ ఉన్న రిమోట్లు చాలావరకు బ్లూటూత్‌వి. అవి బాక్సుతో పెయిర్ చేస్తేనే పూర్తిగా పనిచేస్తాయి, కెమెరాలో ఏమీ కనిపించకపోవచ్చు.