అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు అడ్మిన్ పాఠాలు – 4: పాత చెత్త ఎత్తడం

పోయిన పాఠంలో సభ్యుల లిస్టును ఫ్లాట్ నంబర్లతో సరిచూశాం. మన ఉదాహరణ గ్రూపులో 48 ఫ్లాట్లకు 71 మంది ఉన్నారు. వారిలో ఆరుగురు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లినవాళ్లు, ఇద్దరు ఎవరో ఎవరికీ తెలియదు. ఆ ఇద్దరిలో ఒకరే నిన్న రాత్రి లోన్ ప్రకటన పెట్టారు.

ముందు ఆ ప్రకటన పని చూడండి. మెసేజ్‌ను నొక్కి పట్టుకుని Delete, తర్వాత Delete for everyone నొక్కాలి. ఎవరు పెట్టినదైనా అడ్మిన్ ఇలా తీసేయవచ్చు. కానీ దీనికి సుమారు రెండు రోజులే గడువు, అది దాటితే Delete for me ఒక్కటే మిగులుతుంది. అది మీ ఫోన్‌లో మాత్రమే తుడుస్తుంది. Clear chat కూడా అంతే. తీసేసిన చోట అడ్మిన్ తొలగించినట్టు అందరికీ కనిపిస్తుంది కాబట్టి ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. "నాది ఎందుకు తీశారు" అని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు.

తర్వాత ఆ ఇద్దరినీ తీసేసే ముందు ఇన్వైట్ లింక్ దగ్గర Reset link నొక్కండి. చాలామంది ఇది మర్చిపోతారు. పాత లింక్ ఏ బ్రోకర్ ఫోన్‌లోనో తిరుగుతూ ఉంటే, ఒకరు పోయినా మరో కొత్త నంబరు వస్తుంది. Group permissions‌లో Approve new members కూడా ఆన్ చేయండి. ఇక మీరు ఒప్పుకుంటేనే ఎవరైనా లోపలికి వస్తారు.

ఖాళీ చేసినవాళ్లను తీసేసినా వాళ్ల పాత మెసేజీలు గ్రూపులోనే ఉంటాయి. మన మెసేజీలూ వాళ్ల ఫోన్‌లో ఉంటాయి. అందుకే గేటు కోడ్, క్లబ్‌హౌస్ వైఫై పాస్‌వర్డ్ లాంటివి ఎప్పుడైనా గ్రూపులో పెట్టి ఉంటే, తుడవడానికి తంటాలు పడకుండా వాటినే మార్చేయండి.

పాత ప్రకటనలదీ ఇదే ఇబ్బంది. ఏడాది కిందటి మెయింటెనెన్స్ మొత్తాన్ని ఎవరో వెతికి పట్టుకుని అదే కడతారు. తుడవలేం కాబట్టి, తాజా ప్రకటన తేదీతో పెట్టి పిన్ చేయండి. ఒకేసారి మూడే పిన్ అవుతాయి. గడువు 24 గంటలు, 7 రోజులు లేదా 30 రోజులు. నీళ్ల ట్యాంకు కడిగే నోటీసుకు 24 గంటలు చాలు, మెయింటెనెన్స్‌కు 30 రోజులు పెట్టండి.

ఇక నియమాలు. గ్రూపు Description‌లో ఇలా రాయండి:

"ప్రతి పోస్టులో ఫ్లాట్ నంబరు, తేదీ ఉండాలి. టులెట్, అమ్మకాలు ఆదివారం మాత్రమే. లిఫ్టు, నీళ్లు, కరెంటు సమస్య ఎప్పుడైనా పెట్టవచ్చు. ఫార్వర్డ్‌లు తీసేస్తాం. ఖాళీ చేసిన 7 రోజుల్లో నంబరు తొలగిస్తాం."

"మర్యాదగా మాట్లాడాలి" లాంటివి రాయకండి, అది తప్పిందో లేదో తేల్చడానికే పది మెసేజీలు పడతాయి. అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా గ్రూపును మూసేయడమూ నా లెక్కన పొరపాటే: రాత్రి లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే చెప్పుకునే చోటు ఉండదు.

వచ్చే పాఠం: ప్రకటనలకు వేరే గ్రూపు పెట్టి, రెండింటినీ కమ్యూనిటీగా కలపడం.