ఆర్‌ఎల్‌సీ సిరీస్ సర్క్యూట్: కాయిల్ నిరోధాన్ని వదిలేయకుండా లెక్క కట్టడం ఎలా?

పర్లాకిమిడి చుట్టుపక్కల ప్లస్ టూ, డిప్లొమా చదివే మన పిల్లల రికార్డులు దిద్దుతుంటే ఒకటే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కాయిల్‌ను ఉత్త ఇండక్టర్‌గా లెక్కేస్తారు, దాని తీగకున్న నిరోధాన్ని మర్చిపోతారు. దాంతో ఇంపిడెన్స్, దశాకోణం, పవర్ ఫ్యాక్టర్ మూడూ తప్పుతాయి.

సామాన్లు తెలిసినవే: 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, 100 ఓముల 5 వాట్ల రెసిస్టర్, ఇనుప కోర్ ఉన్న చోక్ కాయిల్, 10 మైక్రోఫారాడ్ల కెపాసిటర్, మంచి డిజిటల్ మల్టీమీటర్. కెపాసిటర్ మోటార్లకు వేసే రకమే కావాలి. ప్లస్, మైనస్ గుర్తులున్న ఎలక్ట్రోలైటిక్‌ను ఏసీకి తగిలించకండి, పేలుతుంది. గోడ ప్లగ్గు నుంచి నేరుగా సప్లై తీసుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ మీద 12 అని ఉన్నా లోడు తక్కువగా ఉంటే అంతకంటే ఎక్కువే ఇస్తుంది, కాబట్టి సర్క్యూట్ కలిపాక సప్లైని కొలవండి. ఇక్కడ లెక్క సులువుగా ఉండాలని సరిగ్గా 12 అనుకుందాం.

అమ్మీటర్ వద్దు. రెసిస్టర్ మీది వోల్టేజీని 100తో భాగిస్తే కరెంటు వచ్చేస్తుంది, మధ్యలో ఇంకో మీటరు నిరోధం చేరదు.

ఇప్పుడు అసలు మెలిక. కెపాసిటర్ లేకుండా రెసిస్టర్, కాయిల్ మాత్రమే వరుసగా కలపండి. మల్టీమీటర్‌ను ఓముల్లో పెట్టి కాయిల్ నిరోధం కొలిస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. అది డీసీ విలువ. ఏసీ పారుతున్నప్పుడు ఇనుప కోర్‌లో జరిగే నష్టం కూడా నిరోధంలాగే పనిచేస్తుంది, ఓమ్ మీటరుకు అది కనిపించదు. అందుకే మూడు వోల్టేజీల పద్ధతే వాడాలి. సప్లై V, రెసిస్టర్ మీద VR, కాయిల్ మీద Vc కొలవండి.

```
r = (V² − VR² − Vc²) / (2 × VR × I)
```

మన కాయిల్‌కు V 12.00, VR 6.07, Vc 9.62 వోల్టులు వచ్చాయనుకోండి. కరెంటు 0.0607 ఆంపియర్లు, r దాదాపు 20 ఓములు. ఇక్కడ పెద్ద అంకెల్లోంచి పెద్ద అంకెలు తీసేస్తున్నాం, మిగిలేది చిన్నది. సప్లై కొలతలో 0.1 వోల్టు తేడా వచ్చినా r మూడు ఓముల పైనే జరిగిపోతుంది. కాబట్టి మూడూ ఒకే మీటరుతో, ఒకే రేంజ్‌లో, వెంటవెంటనే కొలవండి. సాయంత్రం పూట వోల్టేజీ ఊగే వేళ ఈ పని పెట్టుకోకండి. చివర సప్లైని మరోసారి చూడండి, మారి ఉంటే మూడు కొలతలూ మళ్లీ తీసుకోవాల్సిందే. వచ్చిన r ఓమ్ మీటరు విలువ కన్నా తక్కువుంటే ఎక్కడో కొలత తప్పింది.

Vcని కరెంటుతో భాగిస్తే కాయిల్ ఇంపిడెన్స్ 158.5 ఓములు. దాని వర్గంలోంచి 20 వర్గం తీసి వర్గమూలం కడితే XL సుమారు 157 ఓములు. 2π×50తో భాగిస్తే L 0.5 హెన్రీ.

మిగతాదంతా తేలిక. కరెంటు ఆపి కెపాసిటర్ కలపండి. XC = 1/(2πfC), అంటే 318 ఓములు. మైక్రోఫారాడ్లను ఫారాడ్లలోకి మార్చడం మరవకండి. మొత్తం నిరోధం 120, XL − XC = −161.

```
Z = √(120² + 161²) = 201 ఓములు
φ = tan⁻¹(−161/120) = −53.3°
cos φ = 120/201 = 0.597
```

కాయిల్ నిరోధాన్ని వదిలేసి ఉంటే పవర్ ఫ్యాక్టర్ దాదాపు 0.53 వచ్చేది. కొసైన్‌లో మైనస్ గుర్తు కనబడదు, అందుకే పక్కన ‘లీడింగ్’ అని రాయాలి. కెపాసిటర్ మీది వోల్టేజీ కాయిల్ మీదకన్నా ఎక్కువుంటే కరెంటు ముందున్నట్టే. ఇక్కడ కరెంటు 0.0597 ఆంపియర్లు, కెపాసిటర్ మీద 19 వోల్టులు. సప్లై 12 అయితే 19 ఎలా వచ్చిందని మీటరును అనుమానించకండి. కాయిల్, కెపాసిటర్ వోల్టేజీలు దాదాపు ఎదురెదురు దిశల్లో ఉంటాయి, వాటిని మామూలుగా కూడకూడదు.

అనునాద పౌనఃపున్యం f₀ = 1/(2π√(LC)), అంటే 71.2 హెర్ట్జ్. దాన్ని ప్రయోగంలో చూడాలంటే సిగ్నల్ జనరేటర్ కావాలి. VR గరిష్ఠమయ్యే చోటు వెతకమని చెబుతారు గానీ, 120 ఓముల నిరోధంతో ఆ శిఖరం బాగా వెడల్పుగా ఉంటుంది, ఎక్కడాగాలో తెలియదు. దానికి తోడు అనునాదం దగ్గర జనరేటర్ వోల్టేజీ కూడా పడిపోతుంది. ఆసిలోస్కోప్‌ను XY మోడ్‌లో పెట్టి, ఒక ఛానల్‌కు సప్లై, రెండోదానికి VR ఇవ్వండి. రెసిస్టర్ తప్పకుండా గ్రౌండ్ వైపే ఉండాలి, లేకుంటే స్కోప్ ఎర్త్ సర్క్యూట్‌లో కొంత భాగాన్ని షార్ట్ చేసేస్తుంది. ఫ్రీక్వెన్సీ తిప్పుతుంటే దీర్ఘవృత్తం సన్నబడి ఒకచోట గీతలా మారుతుంది. అదే f₀. ఇనుప కోర్ కాయిల్ ఇండక్టెన్స్ కరెంటును బట్టి కొంత మారుతుంది కాబట్టి గీత సరిగ్గా 71.2 దగ్గరే రాకపోవచ్చు. అప్పుడు రికార్డులో గీత పడ్డ విలువే రాయండి, లెక్కలో వచ్చింది కాదు.