ఆఫీసు మెయిల్ ఫోన్‌లో పెట్టేముందు జాగ్రత్తలు

కొత్త ఫోన్‌లో ఆఫీసు మెయిల్ పనిచేసేదాకా పాత ఫోన్‌ని రీసెట్ చేయకండి, ఎక్స్చేంజికీ ఇవ్వకండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. పోయిన వేసవిలో భీమవరంలో ఒక షాపులో కొత్త ఫోన్ కొని, పాతది అక్కడే చెరిపించేశాను. ఇంటికొచ్చి ఆఫీసు మెయిల్ పెడితే పాస్‌వర్డ్ సరిగ్గానే తీసుకుంది. తర్వాత అథెంటికేటర్‌లో ఓకే చేయమంది. ఆ యాప్ ఉన్నది చెరిపేసిన ఫోన్‌లో! శనివారం సాయంత్రం కదా, సోమవారం ఐటీవాళ్లు నా పాత రిజిస్ట్రేషన్ తీసేదాకా రొయ్యల మేత ఆర్డర్లు చూడలేకపోయాను. కొత్త ఫోన్‌లో అథెంటికేటర్ కోడ్ వస్తోందని కళ్లారా చూశాకే పాతది వదలండి.

జీమెయిల్ యాప్‌లో ఖాతా రకం అడిగినప్పుడు `Exchange and Office 365` ఎంచుకోవాలో, `Other` ఎంచుకోవాలో ముందే ఆఫీసులో కనుక్కోండి. `Other` అయితే సర్వర్ పేర్లు, పోర్టులు కాగితం మీద రాయించుకోండి. మెయిల్స్ వస్తూ, పంపినవి మాత్రం అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోతే, ముందు పంపే సర్వర్ వివరాలు చూడండి.

తేదీ, టైమ్ ఆటోమేటిక్‌లో ఉన్నాయా? గడియారం తప్పితే అథెంటికేటర్ కోడ్ కూడా తప్పే.

పాస్‌వర్డ్ ఈమధ్యే మార్చారా? ఇంట్లో పాత ట్యాబ్‌లో ఇంకా పాతదే ఉంటే అది పదే పదే ప్రయత్నించి ఖాతాని లాక్ చేయించగలదు. అక్కడ ముందు ఆ ఖాతా తీసేయండి.

ఎక్స్చేంజ్ ఖాతా పెడితే, ఫోన్‌ని దూరం నుంచే చెరిపే అనుమతి ఆఫీసుకి ఇవ్వమని అడగొచ్చు. పెళ్లి ఫోటోలుంటే ముందు బ్యాకప్.